సాకు వద్దు, అయిదు లైన్లు పంపండి

"ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి మీటింగ్. నేను మాట్లాడేది అయిదు నిమిషాలు, కూర్చునేది గంటన్నర. ఇల్లు చేరేసరికి పాప నిద్రపోతుంది, అత్తగారు మొహం ముడుచుకుంటారు. పిలిచేది నాకు ఉద్యోగం ఇప్పించిన సారు. ఆయన నొచ్చుకోకుండా ఏం సాకు చెప్పమంటారు?"

ఏ సాకూ చెప్పకండమ్మా. ఒంట్లో బాగాలేదంటే మీటింగ్ శుక్రవారానికి జరుపుతారు. ఖాళీ లేదన్నా అంతే. టైము గురించి మీరేం చెప్పినా ఆయన మార్చేది టైమునే.

అత్తగారి సంగతి అలా ఉంచండి. చిక్కంతా ఆ సారు దగ్గర మీకున్న మొహమాటంతోనే. ఉద్యోగం ఇప్పించిన మేలుకి బదులు పని బాగా చేయడమే కానీ, గంటన్నర కుర్చీలో కూర్చోవడం కాదు. ఆ లెక్క మీరు వేసుకున్నదే, ఆయన అడిగింది కాదు.

ముందు ఎజెండా చూడండి. మీరే తేల్చాల్సిన విషయం ఉంటే వెళ్లి తీరాలి. సమాచారం చెప్పడమే మీ వంతయితే, మంగళవారమే ఇలా రాయండి:

"సార్, గురువారం మా వైపు నుంచి చెప్పాల్సింది డెలివరీ తేదీల సంగతి ఒక్కటే. అది బుధవారం సాయంత్రానికల్లా రాసి పంపిస్తాను. ప్రశ్నలుంటే చెప్పడానికి ఆ పని చూస్తున్న మా జూనియర్ మొదటి పావుగంట ఉంటాడు. తేదీ మూడు రోజుల వరకు జరపాలంటే తనే ఒప్పుకుంటాడు. అంతకు మించితే నాకు చెప్పండి, మర్నాడు పదింటికల్లా జవాబిస్తాను."

ఇందులో 'క్షమించండి' లేదు, గమనించారా? అక్కర్లేదు కనకే.

రాసి పంపేది అయిదు లైన్లు దాటనివ్వకండి. అయింది ఏమిటి, మిగిలింది ఏమిటి, ఎక్కడ ఆగింది, ఎవరు తేల్చాలి, ఎప్పటిలోగా. మీటింగుకి పది నిమిషాల ముందు పంపితే ఎవరూ చదవరు, మళ్లీ మిమ్మల్నే పిలుస్తారు.

ఎక్కువగా బెడిసికొట్టేది జూనియర్ని పంపడం దగ్గరే. దేనికి ఒప్పుకోవచ్చో చెప్పకుండా పంపితే అతను ప్రతిదానికీ "మేడమ్‌ని అడిగి చెప్తా" అంటాడు. రెండోసారి అలా అన్నాక సారు "నువ్వే రామ్మా" అంటారు, అందులో ఆయన తప్పేం లేదు. కాబట్టి ముందు అతన్ని అడగండి, మూడు రోజుల హద్దు చెప్పండి, ఇన్విటేషన్ అతనికి అందేలా చూడండి. ఆ పావుగంటలో అతనికి ఫోన్ చేయకండి. అతను హద్దులోపల ఒప్పుకున్నదాన్ని మర్నాడు మీరు కాదంటే ఇక అతని మాట ఎవరూ లెక్కచేయరు.

క్యాలెండర్లో ఆ ఒక్క గురువారానికే రానని పెట్టండి, సిరీస్ మొత్తానికి కాదు. జవాబివ్వకుండా వదిలేస్తే మీ కోసం ఎదురుచూస్తారు. అది మర్యాద కాదు.

అయినా రమ్మంటే, "నేను తేల్చాల్సింది ఏముంది సార్?" అని అడగండి. ఉందంటే ఆ విషయం మొదట్లోనే పెట్టమనండి. అది తేలగానే చెప్పి లేచి రండి.