ఒక్క వాక్యాన్ని అపార్థం చేసుకున్న ఇంటర్న్ కథ: ఆ వాక్యం ఎలా ఉండాలి?

ప్రశ్న: ఓ ఇంటర్న్ తన మొదటి అప్రైజల్‌లో ఒక వాక్యాన్ని తప్పుగా అర్థం చేసుకుంటుంది. ఇదే నా కథ. కానీ చదివినవాళ్లు "ఆ మాత్రం తెలియదా?" అంటున్నారు. ఏం మార్చాలి?

జవాబు: వాక్యాన్నే మార్చండి. పాఠకుడు కూడా ఆమెతోపాటు పొరబడితేనే ఆమె తెలివితక్కువది కాకుండా బయటపడుతుంది. అచ్చుతప్పునో, తెలియని మాటనో నమ్ముకుంటే కథ అక్కడే తేలిపోతుంది.

ఉదాహరణకి మేనేజర్ ఇలా రాసిందనుకోండి: "మిగతా ఇంటర్న్‌లలా సందేహం వచ్చినప్పుడల్లా సీనియర్లను అడగదు, తనే తేల్చుకుంటుంది." మేనేజర్ దృష్టిలో ఇది ఫిర్యాదు. అమ్మాయికి మాత్రం మెచ్చుకోలు. రెండూ ఆ మాటల్లోనే ఉన్నాయి, ఎవరూ అబద్ధమాడలేదు.

ఈ వాక్యాన్ని ఫారంలో ఎక్కడ పెడతారన్నది చాలా ముఖ్యం. "మెరుగుపరచుకోవాల్సినవి" అన్న గడిలో పెడితే అపార్థానికి చోటే లేదు. చివర్లో ఉండే "ఇతర వ్యాఖ్యలు"లో పెట్టండి. రేటింగ్ 5కి 3 ఇవ్వండి. 2 ఇస్తే గుట్టు ముందే బయటపడుతుంది, 4 ఇస్తే మేనేజర్ ఫిర్యాదు చేస్తోందంటే ఎవరూ నమ్మరు.

దానికి ముందే ఓ చిన్న సంఘటన జరిగి ఉండాలి. రిపోర్టులో రెండు నెలల లెక్కలు కలవకపోతే ఎవర్నీ అడగకుండా ఆమే ఒక అంకె వేసేస్తుంది. సాయంత్రం సీనియర్ దాన్ని సరిచేసి పంపేస్తాడు, ఆమెతో ఏమీ అనడు. రెండు వాక్యాల్లో చెప్పి వదిలేయండి. పాఠకుడు అప్పుడు పట్టించుకోడు, తర్వాత గుర్తు చేసుకుంటాడు.

చాలా కథలు జారిపోయేది అప్రైజల్ చదివాకే. ఆమె సంబరాన్ని పేజీన్నర వర్ణిస్తారు, కథ కదలదు. అపార్థం ఆమె చేసే పనిని మార్చాలి. ఇదివరకు పదిసార్లలో మూడుసార్లైనా అడిగేది, ఇప్పుడు అదీ మానేస్తుంది. మధ్యలో ఇద్దరూ ఎదురుపడితే మాట ఇంతే చాలు:

"నేను రాసింది చదివావుగా?"
"చదివాను మేడమ్. అది గుర్తుపెట్టుకునే చేస్తాను."
"అదే కావాలి."

ఇద్దరూ తృప్తిగా వెళ్లిపోతారు. నన్నడిగితే ఈ మూడు మాటలే కథకి గుండెకాయ. మేనేజర్‌ని మాత్రం దుర్మార్గురాలిగా చూపించకండి. ముఖం మీద అనలేక కాగితం మీద మెత్తగా రాసిన మనిషి, అంతే.

ఆమెకి అసలు అర్థం ఎవరో విడమరిచి చెబితే కథ పాఠంలా మారిపోతుంది. ఈసారి క్లయింటుకి వెళ్లిన లెక్క తప్పుతుంది. అప్పుడు ఆమె ఆ ఫారం మళ్లీ తెరుస్తుంది. వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ అచ్చంగా రాయండి. కింద మీ వివరణ ఏదీ రాయకండి.