ఒక్కో అంశాన్ని మూడు వ్యూల్లోనూ ముగించు

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు ఇంజనీరింగ్ డ్రాయింగ్ షీట్లూ చూశాను. ఫ్రంట్ వ్యూలు బాగున్నాయి. సైడ్ వ్యూకి వచ్చేసరికి మూడింటిలోనూ ఏదో ఒక హిడెన్ లైన్, అంటే ఆ వైపు నుంచి కనబడని అంచుకి గీసే ముక్కల గీత, ఎగిరిపోయింది. కారణం నాకు తెలుసు. ఫ్రంట్ వ్యూ మొత్తం గీసి పక్కన పెట్టి, ఆ తర్వాత టాప్ వ్యూ, చివర్లో సైడ్ వ్యూ గీస్తున్నావు. అప్పటికి టైమ్ అయిపోతుంది, ముందున్న గాడి సంగతి మర్చిపోతావు. నా పద్ధతి వేరు. బొమ్మలో ఉన్న ఒక్కో అంశాన్నీ మూడు వ్యూల్లోనూ గీసేసిన తర్వాతే ఇంకోదాని జోలికి వెళ్తాను.

పాత పేపర్లలో తరచూ కనబడే ఎల్ ఆకారపు బ్రాకెట్టునే తీసుకుందాం. కింది పలక పొడవు 80, లోతు 50, మందం 15. వెనక అంచున 15 మందంతో నిలువు గోడ, మొత్తం ఎత్తు 60. గోడ మధ్యలో, నేల నుంచి 38 ఎత్తున, 24 వ్యాసం రంధ్రం. పలక ముందు అంచు మధ్యలో 20 వెడల్పు, 20 లోతు గాడి, అడుగుదాకా కోసింది. అన్నీ మిల్లీమీటర్లే. రంధ్రానికి లోతు ఇవ్వకపోతే అవతలిదాకా వెళ్లిందనే అర్థం. ప్రశ్నలో ఇచ్చే ఐసోమెట్రిక్ బొమ్మలో, అంటే మూడు వైపులూ ఒకేసారి చూపే బొమ్మలో, హిడెన్ లైన్లు సాధారణంగా చూపించరు కాబట్టి అది నువ్వే పట్టుకోవాలి.

పెన్సిల్ పట్టుకునే ముందు చోటు లెక్క వేసుకో. ఈ బొమ్మకి నీకు 270 వెడల్పు, 300 ఎత్తు ఉందనుకో. ఫ్రంట్ వ్యూ 80, సైడ్ వ్యూ 50, మధ్య ఖాళీ 40, కలిపి 170. మిగిలిన 100లో సగం ఎడమ పక్క, సగం కుడి పక్క. నిలువుగా 60, 40, 50 కలిపి 150, కాబట్టి పైనా కిందా 75 చొప్పున. వ్యూల మధ్య ఖాళీలోనే కొలతలు రాయాలి, అందుకే 40 కంటే తగ్గించకు. మన దగ్గర ఫస్ట్ యాంగిల్ పద్ధతి కదా, టాప్ వ్యూ కిందికి, ఎడమ నుంచి చూసిన సైడ్ వ్యూ కుడి పక్కకి వస్తాయి. అమెరికా వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు ఇక్కడే పడిపోతారు, అక్కడ థర్డ్ యాంగిల్, టాప్ వ్యూ పైకి వెళ్తుంది. డిప్లొమా చదివేటప్పుడు ఏ వీడియో లేకుండానే నేనూ ఓసారి తప్పు పక్కన పెట్టి ఆ ప్రశ్న మార్కులు పోగొట్టుకున్నాను.

ముందు టూ హెచ్ పెన్సిల్‌తో, కనబడీ కనబడనట్టు మూడు పెట్టెలు గీసి, ఒక్కో అంశం మొదలుపెట్టు. రంధ్రం: ఫ్రంట్ వ్యూలో పూర్తి వృత్తం. టాప్ వ్యూలో గోడ మందంలో రెండు హిడెన్ లైన్లు, ఎడమ అంచు నుంచి 28, 52 దగ్గర. సైడ్ వ్యూలోనూ రెండు, 26, 50 ఎత్తుల్లో. మూడు చోట్లా సెంటర్ లైన్ మర్చిపోకు. వృత్తానికైతే అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. రంధ్రం అయింది, ఇక గాడి. ఫ్రంట్ వ్యూలో 30, 50 దగ్గర కింది నుంచి 15 ఎత్తుకి రెండు నిలువు గీతలు, ఎదురుగా కనబడుతుంది కాబట్టి నిండు గీతలే. టాప్ వ్యూలో ముందు అంచు గాడి దగ్గర తెరుచుకుని ఉంటుంది, అక్కడ గీత అడ్డంగా సాగనివ్వకు. సైడ్ వ్యూలో పక్క నుంచి గాడి కనబడదు, దాని లోపలి గోడ ముందు అంచు నుంచి 20 దూరంలో, కింది నుంచి 15 ఎత్తుదాకా నిలువుగా ఒకే ఒక్క హిడెన్ లైన్. నువ్వు వదిలేస్తున్నది ఇలాంటి గీతనే.

హిడెన్ లైన్ గీసే తీరు కూడా మార్చుకో. 3 మిల్లీమీటర్ల ముక్క, 1 ఖాళీ. ఈ బొమ్మలో హిడెన్ గీతలన్నీ 15 పొడవే, అంటే నాలుగు ముక్కలు, మూడు ఖాళీలు, లెక్క సరిగ్గా సరిపోతుంది. మొదటి ముక్కా చివరి ముక్కా నిండు గీతలకి తాకాలి. నువ్వు మొదట్లోనే ఖాళీ వదులుతున్నావు, అప్పుడది గాల్లో వేలాడినట్టుంటుంది. ఒక్క చోట మాత్రం ఖాళీతో మొదలుపెట్టాలి: నిండు గీత ఆగిన చోటే, అదే దారిలో హిడెన్ లైన్ సాగితే. లేకపోతే రెండూ కలిసిపోయి నిండు గీత ఎక్కడ ముగిసిందో తెలియదు. ఒకే చోట రెండు గీతలు పడితే నిండు గీతదే పైచేయి, తర్వాత హిడెన్, ఆ తర్వాతే సెంటర్ లైన్.

చివర్లో హెచ్‌బితో దిద్దేటప్పుడు ముందు వృత్తం, తర్వాతే సరళ రేఖలు. హిడెన్, సెంటర్, కొలత గీతలు హెచ్ పెన్సిల్‌తో సన్నగానే ఉంచు. ఒక వ్యూ నుంచి ఇంకో వ్యూకి లాగిన ప్రొజెక్షన్ గీతలు లేతగా ఉంటే చెరపక్కర్లేదు. రబ్బరు తిప్పి తిప్పి షీటు నల్లబడటం కంటే అదే మేలు.

ఈ బ్రాకెట్టు ఆదివారంలోగా గీసి ఫొటో పంపు, దిద్దకముందే. లేత గీతల్లోనే తప్పులు దొరుకుతాయి.

మీ పెద్దనాన్న