కథ చదివితే ఏ గడిలో పెట్టాలో తెలియడం లేదా?

ప్రశ్న: సర్, గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉండి సీఏ ఇంటర్‌కి చదువుతున్నాను. స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్‌లో, కంపెనీ ఎదగడానికి అన్సాఫ్ నాలుగు గడుల పట్టికగా చెప్పిన వ్యూహాల నిర్వచనాలు నాకు కంఠతా వచ్చు. కానీ చిన్న కంపెనీ కథ ఇచ్చి, ఇది ఏ వ్యూహం అని అడిగితే సగం తప్పులే. మార్కెట్ డెవలప్‌మెంట్ రాయాల్సిన చోట డైవర్సిఫికేషన్ రాస్తున్నాను. ఈ సబ్జెక్ట్ నాకు పడదేమో, ఎంబీఏకి మారిపోమని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఎంబీఏకి వెళ్లినా మొదటి ఏడాదిలోనే ఈ నాలుగు గడులు మళ్లీ ఎదురొస్తాయమ్మా. కాబట్టి దీన్ని చూసి దారి మార్చుకోవద్దు. మారడానికి వేరే కారణాలుంటే అది వేరే సంగతి, నాన్నగారితో కూర్చుని మాట్లాడుకోండి. నువ్వు అడిగిన చిక్కు మాత్రం ఒక్క అలవాటు దగ్గర ఉంది. కథలో ‘కొత్త’ అనే మాట ఎక్కడుందా అని వెతుకుతున్నావు. కొత్త ఊరు, కొత్త ప్యాకెట్, కొత్త ఫ్యాక్టరీ, కొత్త కంపెనీ కొనుగోలు ఇలా నాలుగు కొత్తలు కనిపించేసరికి డైవర్సిఫికేషన్ అని రాసేస్తున్నావు.

అడగాల్సినవి రెండే. అమ్ముతున్న సరుకు ఈ కంపెనీ ఇంతకుముందు అమ్మిందేనా? కొంటున్నవాళ్లు ఈ కంపెనీకి ఇంతకుముందు తెలిసినవాళ్లేనా? రెండింటికీ అవునంటే పెనిట్రేషన్. సరుకు పాతదే, కొనేవాళ్లు కొత్తవాళ్లైతే మార్కెట్ డెవలప్‌మెంట్. కొనేవాళ్లు పాతవాళ్లే, సరుకు కొత్తదైతే ప్రోడక్ట్ డెవలప్‌మెంట్. రెండూ కొత్తవైతే డైవర్సిఫికేషన్. ఇదంతా నీకు తెలిసిందే. తడబాటు ‘కొత్త’ అన్నది ఎవరి కంటికి అన్న దగ్గర వస్తుంది. ప్రపంచంలో వందేళ్లుగా దొరుకుతున్న సరుకైనా సరే, ఈ కంపెనీ ఇవాళే మొదలుపెడితే దానికి అది కొత్త సరుకే.

మీ ఊరి సరుకుతోనే చూద్దాం. గుంటూరులో ఒక కారం కంపెనీ ఉందనుకో. గుంటూరు, విజయవాడ కిరాణా కొట్ల ద్వారా ఇళ్లకు వందగ్రాములు, అరకిలో కారం ప్యాకెట్లు అమ్ముతుంది. ఇంతకుమించి ఏమీ లేదు. ఇప్పుడు కథలో ఒక్కొక్క వాక్యం మారుస్తూ వెళదాం.

‘అరకిలో ప్యాకెట్ కొంటే స్టీలు చెంచా ఉచితం అని ప్రకటించి, ఇంతవరకు సరుకు పెట్టని కొట్లలో కూడా పెట్టించింది.’ ఇది పెనిట్రేషన్. కొత్త కొట్లు అన్న మాట చూసి జారిపోకు. అవే ఊళ్లు, అవే రకం ఇళ్లు, అదే కారం.

‘అదే కారాన్ని ఒడిశాలోని బరంపురం కిరాణా కొట్లకు పంపడం మొదలుపెట్టింది.’ ఇది మార్కెట్ డెవలప్‌మెంట్. ఇది నువ్వు తప్పు రాయవు.

‘అదే కారాన్ని పాతిక కిలోల సంచుల్లో గుంటూరు హోటళ్లకు, హాస్టల్ మెస్‌లకు అమ్ముతోంది.’ ఊరు మారలేదు, సంచి మారింది. ఇక్కడ చాలామంది ప్రోడక్ట్ డెవలప్‌మెంట్ అంటారు. కానీ కారం అదే, కొనేవాళ్లు మారారు. ఇంట్లో వంట చేసే అమ్మ వేరు, మూడొందల మందికి వండే మెస్ వేరు. ధర బేరం వేరు, అప్పు గడువు వేరు. కాబట్టి ఇదీ మార్కెట్ డెవలప్‌మెంటే. మార్కెట్ అంటే మ్యాప్ మీద చోటు మాత్రమే అనుకోవద్దు, అది ఒక రకం కొనుగోలుదారులు కూడా. నేను కూడా పాఠాలు చెప్పిన తొలి రోజుల్లో కొత్త ఊరైతేనే కొత్త మార్కెట్ అని చెప్పేవాణ్ని. తెనాలి నుంచి వచ్చే ఒక కుర్రాడు ఇలాంటి ప్రశ్నే లేవనెత్తితే క్లాసులో నోట మాట రాలేదు.

ఆ రాత్రి కూర్చుని మూలానికే వెళ్లాను. ఇగోర్ అన్సాఫ్ ఈ ఆలోచనను 1957లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడు. ఆయన అప్పట్లో లాక్‌హీడ్ విమాన కంపెనీలో పనిచేసేవాడు. ‘మార్కెట్’ను ఆయన ఊరితో కాకుండా, సరుకు తీర్చే పనితో కొలిచాడు. ప్రయాణికుల విమానాన్ని కాస్త మార్చి సరుకుల రవాణాకు అమ్మితే అది మార్కెట్ డెవలప్‌మెంట్ అన్నది ఆయనే ఇచ్చిన ఉదాహరణ. అందులో ఇంకో మెలిక గమనించు. విమానం లోపల మార్పులు చేశారు, అయినా ఆయన దాన్ని కొత్త సరుకు అనలేదు. కొత్త కొనుగోలుదారులకు సరిపడేలా పాత సరుకును కొంచెం సర్దడం మార్కెట్ డెవలప్‌మెంట్‌లో భాగమే. కాబట్టి బరంపురం వాళ్ల కోసం ప్యాకెట్ మీద ఒడియా అక్షరాలు అచ్చువేసి, ఘాటు కాస్త తగ్గించారని కథలో రాస్తే డైవర్సిఫికేషన్ అని రాయకు.

మళ్లీ కారం కంపెనీకి వద్దాం. ‘పాత కొట్ల ద్వారా ఆ ఇళ్లకే ఇడ్లీ కారం, సాంబారు పొడి అమ్ముతోంది.’ ప్రోడక్ట్ డెవలప్‌మెంట్. దీనికి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

‘మిర్చి రైతులు, వ్యాపారులు బస్తాలు దాచుకునేందుకు కోల్డ్ స్టోరేజీ కట్టి అద్దెకిస్తోంది.’ నీ బ్యాచ్‌లో సగం మంది ఇక్కడ మిర్చి వాసన పట్టుకుని ప్రోడక్ట్ డెవలప్‌మెంట్ అంటారు. అడగాల్సిన రెండు ప్రశ్నలూ అడుగు. అమ్మేది కారం పొడి కాదు, గోదాములో చల్లని చోటు. కొనేది ఇల్లాలు కాదు, బస్తాలున్న రైతు, వ్యాపారి. రెండూ కొత్తవే, కాబట్టి డైవర్సిఫికేషన్. పాత వ్యాపారంతో చుట్టరికం ఉందా లేదా అన్నది తర్వాతి మెట్టు. చుట్టరికం ఉంటే సంబంధిత డైవర్సిఫికేషన్, లేకపోతే కాంగ్లోమరేట్. ఆ ప్రశ్న గడి లోపల విభజనకు మాత్రమే పనికొస్తుంది, గడి ఎంచుకోవడానికి కాదు.

‘విజయవాడలో తనలాగే కారం ప్యాకెట్లు అమ్మే పోటీ కంపెనీని కొనేసింది.’ కొనడం అన్న మాట కనిపించగానే నువ్వు ఏం రాస్తావో నాకు తెలుసు. కొనుగోలు అన్నది వెళ్లే బండి, వెళ్లే దిక్కు కాదు. సరుకు అదే రకం, ఊళ్లు అవే, ఇళ్లు అవే. నాలుగు గడుల్లో ఒకటి ఎంచుకోమంటే పెనిట్రేషన్. అయితే జాగ్రత్త, ఇదే కథను ఇంటిగ్రేషన్ పాఠం కింద అడిగితే హారిజాంటల్ ఇంటిగ్రేషన్ అని రాయాలి. రెండు జవాబులూ సరైనవే, ప్రశ్నలో ఆఖరి వాక్యం ఏ చట్రం అడిగిందో చూసుకోవాలి. మన వాళ్లు కథ రెండుసార్లు చదువుతారు, ఆఖరి వాక్యం మాత్రం ఒక్కసారీ సరిగ్గా చదవరు.

నిజం కంపెనీ ఒకటి తీసుకుంటే ఐటీసీ. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమే ఉన్న ఊళ్లో ఉన్నావు కాబట్టి ఈ పేరు నీకు కొత్త కాదు. సిగరెట్ల కంపెనీ 1975లో చెన్నైలో హోటల్‌తో ఆ రంగంలోకి వచ్చింది. సరుకు వేరు, కొనేవాళ్లు వేరు, కాబట్టి డైవర్సిఫికేషన్. దీని మీద ఎవరికీ అనుమానం రాదు. 2002లో ఆశీర్వాద్ గోధుమపిండి తెచ్చినప్పుడు మాత్రం తికమక వస్తుంది. సిగరెట్లు అమ్మే కొట్టులోనే పిండి కూడా అమ్మొచ్చు కదా, పాత కొనుగోలుదారులే కదా అని ఒకమ్మాయి నాతో వాదించింది. కొట్టువాడు దారి మాత్రమే, మార్కెట్ కాదు. పిండి సంచి కొని చపాతీ చేసుకునే ఇంటి అవసరం, సిగరెట్ తాగేవాడి అవసరం ఒకటి కావు. కాబట్టి సిగరెట్ల వైపు నుంచి చూస్తే అదీ డైవర్సిఫికేషనే. సరుకును ఊరూరా చేర్చే పాత ఏర్పాటు పనికొచ్చింది, అంతే.

ఆ తర్వాత వచ్చిన మల్టీగ్రెయిన్ పిండి సంగతేమిటి? అప్పటికే పిండి కొంటున్న ఇళ్లకు ఇంకో రకం పిండి, కాబట్టి ప్రోడక్ట్ డెవలప్‌మెంట్. అదే కంపెనీ, అదే రంగం, కాలం మారేసరికి గడి మారింది. అందుకే కథ మొదటి రెండు వాక్యాల కింద గీత గీయి. కంపెనీ ఇప్పటిదాకా ఏం అమ్ముతోంది, ఎవరికి అమ్ముతోంది అన్నది సాధారణంగా అక్కడే ఉంటుంది. అది లేకుండా ‘కొత్త’ను కొలవడానికి గజం కర్ర ఉండదు.

ఇక రాసే తీరు. నిర్వచనంతో మొదలుపెట్టి అరపేజీ నింపే అలవాటుంటే మానుకో. ముందు వ్యూహం పేరు, తర్వాత సరుకు గురించి కథలోని మాట ఒకటి, కొనేవాళ్ల గురించి ఇంకొకటి, చివర దగ్గరి గడి ఎందుకు కాదో ఒక్క వాక్యం. మెస్‌ల కథకైతే ఇలా రాయొచ్చు: ‘కంపెనీ మార్కెట్ డెవలప్‌మెంట్ వ్యూహం అనుసరిస్తోంది. ఇప్పటికే తయారుచేస్తున్న కారాన్నే అమ్ముతోంది. ఇంతవరకు ఇళ్లకు అమ్మినది ఇప్పుడు హోటళ్లు, హాస్టల్ మెస్‌లు అనే కొత్త వర్గానికి అమ్ముతోంది. మారింది సంచి పరిమాణమే, సరుకు కాదు కాబట్టి ఇది ప్రోడక్ట్ డెవలప్‌మెంట్ కాదు.’ నాలుగు వాక్యాలు చాలు. ఆఖరి వాక్యం రాయగలిగితే నీకు అర్థమైనట్టు, రాయలేకపోతే గడి ఊహించి పెట్టినట్టు. బహుళైచ్ఛిక ప్రశ్నలోనూ ఆ వాక్యాన్ని మనసులో అనుకుని చూడు.

కథ ఒకటే, వ్యూహాలు రెండు ఉండే ప్రశ్న కూడా ఒకటి చేద్దాం. ‘విజయవాడ గవర్నర్‌పేటలో పదేళ్లుగా ఇడ్లీ, దోసె అమ్మే టిఫిన్ సెంటర్ ఉంది. ఈ ఏడాది నుంచి అదే ఇడ్లీని ఆటోనగర్‌లోని మూడు వర్క్‌షాపుల కార్మికులకు రోజూ పొద్దున్నే నెలవారీ ఒప్పందం మీద పంపుతోంది. తన కౌంటర్ దగ్గరికి వచ్చే పాత ఖాతాదారులకు ఇడ్లీ పిండి ప్యాకెట్లు కూడా అమ్ముతోంది.’

మొత్తాన్ని కలిపి చూస్తే కొత్త చోటు ఉంది, కొత్త సరుకు ఉంది, కాబట్టి డైవర్సిఫికేషన్ అనిపిస్తుంది. కానీ వాక్యాలను విడదీయి. కొత్త చోటుకు వెళ్లింది పాత ఇడ్లీ, కొత్త పిండి కొన్నది పాత మనుషులు. మొదటిది మార్కెట్ డెవలప్‌మెంట్, రెండోది ప్రోడక్ట్ డెవలప్‌మెంట్. కొత్త సరుకు కొత్త మనుషుల చేతికి వెళ్లిన వాక్యం కథలో ఒక్కటీ లేదు, కాబట్టి డైవర్సిఫికేషన్ లేదు. అదే టిఫిన్ సెంటర్ ఆ పిండి ప్యాకెట్లను ఆటోనగర్ కిరాణా కొట్లలో పెట్టి, ఎప్పుడూ తన టిఫిన్ తినని ఇళ్లకు అమ్మితే మాత్రం జవాబు మారుతుంది. ఎందుకు మారుతుందో నాలుగు వాక్యాల్లో రాసి, నీ పక్కన చదివే అమ్మాయి చేత దిద్దించుకో.