మగధ రాజవంశాల వరుస తప్పకుండా గుర్తుండాలంటే

"మగధను పాలించిన వంశాల పేర్లన్నీ వచ్చు. కానీ వరుసలో పెట్టమంటే తారుమారవుతున్నాయి. ముఖ్యంగా శుంగులు ముందా, కణ్వులు ముందా అన్న దగ్గర ప్రతిసారీ టెన్షనే. తెలుగులో ఏదైనా కొండగుర్తు ఉందా?"

ఉంది. పోటీ పరీక్షలకు చదివేటప్పుడు నేను కట్టుకున్న వాక్యం ఇది:

హరి శిశువై, నందుని ఇంట మౌనం వీడి, శుభం కలిగించాడు.

హరి అంటే హర్యంకులు, శిశువై అంటే శిశునాగులు, నందుడు నందులే. మౌనం మౌర్యులకు, శుభం శుంగులకు, కలిగించాడు కణ్వులకు గుర్తు. 'ఇంట', 'వీడి' అనే మాటలు అతుకులు మాత్రమే, వాటికి వంశాలేమీ లేవు.

ఈ వాక్యం మొదట ఇలా లేదు. "హరి శిశువై నందుని ఇంట మౌనంగా, శుభంగా కనిపించాడు" అని రాసుకున్నాను. అది నా స్నేహితురాలికి కూడా నచ్చింది. కొన్నాళ్ల తర్వాత అడిగితే ఆమె "శుభంగా, మౌనంగా కనిపించాడు" అని చెప్పింది. అర్థం ఏమీ చెడలేదు కాబట్టి తప్పు చెప్పానన్న అనుమానమే ఆమెకు రాలేదు. వరుసలో మాత్రం శుంగులు మౌర్యుల కంటే ముందుకు వచ్చి కూర్చున్నారు. తెలుగులో కొండగుర్తు కట్టేవాళ్లకు అసలు చిక్కు ఇదే. మన వాక్యంలో మాటలను అటూఇటూ జరిపినా అర్థం నిలబడుతుంది, అందుకే వరుస జారిపోయినా మనకు తెలియదు.

దీనికి మందు కూడా మన వ్యాకరణంలోనే ఉంది. అసమాపక క్రియ పెడితే ఏ పని ముందు జరిగిందో వాక్యమే చెబుతుంది. ముందు శిశువయ్యాడు, తర్వాత మౌనం వీడాడు, ఆ తర్వాతే శుభం కలిగింది. ఇక చివరి క్రియ ఎలాగూ వాక్యం చివరే ఉంటుంది కాబట్టి 'క' అక్కడి నుంచి కదలదు. మీరు సొంతంగా వేరే వాక్యం కట్టుకున్నా సరే, మాటలను మార్చి చదివి చూడండి. మార్చినప్పుడు చెవికి ఎబ్బెట్టుగా అనిపిస్తేనే ఆ వాక్యం పనికొస్తుంది.

మొదటి అక్షరాలతోనే నెట్టుకొద్దాం అనుకుంటే ఇంగ్లిష్ అక్షరాలు తీసుకోకండి. అందులో శిశునాగులకూ శుంగులకూ ఒకే అక్షరం వస్తుంది. తెలుగులో గుణింతం మనకు సాయం చేస్తుంది: శ, శా, శి, శీ, శు. 'శి' ముందు, 'శు' తర్వాత. వంశాల వరుస కూడా సరిగ్గా అంతే.

ఇప్పుడు మీరు అడిగిన చోటికి వస్తాను. వాక్యంలో మొదటి మూడు మాటలూ గట్టివి, ఎందుకంటే అవి దాదాపు వంశాల పేర్లే. మౌనం, శుభం, కలిగించాడు అన్నవి మాత్రం ఒక్క అక్షరం మీద వేలాడుతున్నాయి. అక్కడ వాక్యాన్ని నమ్ముకుంటే చాలదు, అధికారం ఎలా చేతులు మారిందో తెలియాలి. చివరి మౌర్యరాజు బృహద్రథుణ్ని చంపింది అతని సేనాని పుష్యమిత్ర శుంగుడు. సైన్యాన్ని చూపిస్తానని రాజును రప్పించి, ఆ సైన్యం ముందే చంపాడని బాణుడు హర్షచరితంలో రాశాడు. తర్వాత చివరి శుంగరాజు దేవభూతిని తొలగించి గద్దెనెక్కింది అతని మంత్రి వాసుదేవ కణ్వుడు. అంటే మొదట సేనాని, తర్వాత మంత్రి. రెండు మొదటి అక్షరాలూ కలిపితే 'సేమం'. ఊళ్లో పెద్దవాళ్లు "అందరూ సేమమేనా" అని అడుగుతారే, ఆ సేమమే. మౌర్యుల తర్వాత సేమం అనుకుంటే శుంగులూ కణ్వులూ ఇక తారుమారు కారు.

సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. పురాణాల్లో మౌర్యులకు 137 ఏళ్లు, శుంగులకు 112, కణ్వులకు 45 అని పాలనాకాలాలు ఉన్నాయి. చంద్రగుప్తుడు గద్దెనెక్కిన క్రీ.పూ. 322 ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. అందులోంచి 137 తీస్తే 185, అది శుంగుల మొదలు. 112 తీస్తే 73, అది కణ్వుల మొదలు. 45 తీస్తే 28, అక్కడితో కణ్వులు అయిపోయారు. పాఠ్యపుస్తకాల్లో సుమారుగా ఇచ్చే సంవత్సరాలు ఇవే. చంద్రగుప్తుడికి 321 అని ఇచ్చిన పుస్తకాలూ ఉన్నాయి, ఆ ఒక్క ఏడాది తేడాకు కంగారు పడకండి. పాలనాకాలం ఒక్కో వంశానికీ తగ్గుతూ వస్తోంది కదా, అంకెల వరుస మర్చిపోతే అదే ఆధారం.

చదివేటప్పుడు వాక్యాన్ని మొదటి నుంచి చివరి దాకా వల్లె వేస్తూ ఉండిపోకండి. పరీక్షలో "నందుల కంటే ముందు ఎవరు?" అని మధ్యలోంచి అడుగుతారు. నేను చిన్న కాగితాలకు ఒకవైపు వంశంలో చివరి రాజునూ, రెండోవైపు తర్వాతి వంశం మొదలుపెట్టినవాణ్నీ రాసుకున్నాను. ఒకవైపు ధననందుడు, వెనక చంద్రగుప్తుడు. ఒకవైపు దేవభూతి, వెనక వాసుదేవుడు. కాగితాలు కలిపేసి ఏది వస్తే అది తీసి, రెండువైపుల నుంచీ అడిగి చూసుకోవాలి. ముందువైపు నుంచి చెప్పగలిగి వెనకవైపు నుంచి తడబడుతున్నారంటే ఆ అతుకు ఇంకా పట్టలేదని లెక్క.

ఈ వాక్యం ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. పురాణాల్లో హర్యంక రాజు బింబిసారుడు శిశునాగుడి వంశంలో తర్వాతివాడిగా కనిపిస్తాడు. సింహళ బౌద్ధ గ్రంథమైన మహావంశంలో బింబిసారుడి వంశమే ముందు. ఆ వంశంలో చివరివాడైన నాగదాసకుణ్ని జనం దించేసి, మంత్రిగా ఉన్న శిశునాగుణ్ని రాజును చేశారని అందులో ఉంది. మన పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఈ రెండో లెక్కనే పాటిస్తాయి, నా వాక్యం కూడా దాని ప్రకారమే కట్టింది. ప్రశ్నలో "పురాణాల ప్రకారం" అని ఉంటే మాత్రం దీన్ని పక్కన పెట్టండి. అక్కడ హర్యంకుల కంటే ముందే బార్హద్రథులు, అంటే జరాసంధుడి వంశం వస్తుంది. వాళ్ల మూలపురుషుడి పేరూ బృహద్రథుడే, చివరి మౌర్యుడి పేరూ అదే. పేరు ఒకటే కదా అని మౌర్యులను మొదట్లో పెట్టేయకుండా చూసుకోండి.

చివర్లో శాతవాహనులను కూడా చేర్చాలనిపిస్తుంది, ఎందుకంటే చివరి కణ్వుడు సుశర్మను ఆంధ్రులు, అంటే ఈ శాతవాహనులే, కూల్చారని పురాణాలు చెబుతాయి. నేను చేర్చలేదు. శాతవాహనుల పాలన ఎప్పుడు మొదలైందన్న దాని మీద చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు, పైగా వాళ్ల పాలనకు కేంద్రం దక్కను. వాళ్ల కోసం వేరే వాక్యం కట్టుకోండి.