యాక్సిడెంట్ అయిన కారుని ‘నాన్ యాక్సిడెంట్’ అని అమ్మారు, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: రెండు నెలల క్రితం హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్ దగ్గర 4.80 లక్షలకి కారు కొన్నాను. నాన్ యాక్సిడెంట్ అని నోటితో చెప్పాడు. మొన్న మెకానిక్ చూసి ముందు భాగం పెద్ద దెబ్బ తిని రిపేరైందన్నాడు. డీలర్‌ని అడిగితే, “ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను” అని నేను పెట్టిన సంతకం చూపిస్తున్నాడు. ఇక ఏమీ చేయలేనా?

జవాబు: చేయగలరు. 2023లో నాకూ ఇదే జరిగింది. మాది గుంటూరు, కారు కొన్నది విజయవాడలో ఒక డీలర్ దగ్గర, 4.35 లక్షలకి. నెల తిరక్కుండానే ముందు ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా స్టీరింగ్ ఎడమకే లాగేది. ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రీకి చూపించాను. ఆయన బానెట్ ఎత్తి, టార్చి వేసి, ఇంజన్ పక్కన చక్రం పైన ఉండే లోపలి రేకు, అంటే అప్రాన్, దాని అతుకు మీద నా వేలు పెట్టించాడు. కుడివైపు కంపెనీ వెల్డింగ్ చుక్కలు బొట్టుబిళ్ళలు అతికించినట్టు వరుసగా, సమాన దూరంలో ఉన్నాయి. ఎడమవైపు చుక్కలే లేవు, వేలితో పూసిన సీలెంట్ గీతలు తగిలాయి. ఫెండర్ బోల్టుల తలల మీద పెయింట్ లేచిపోయి ఉంది, అంటే పానా పడిందన్నమాట. “బంపర్ గీత కాదు సార్ ఇది, అప్రాన్ కోసి కొత్తది అతికించారు” అన్నాడు.

ఆ క్షణంలో నాకు నేరుగా వెళ్ళి గొడవ పడాలనిపించింది. వెళ్ళకపోవడమే మంచిదైంది, ఎందుకంటే ఇలాంటి కేసంతా ఒకే ప్రశ్న మీద నిలబడుతుంది: అమ్మినవాడు అబద్ధం చెప్పాడా, లేక ఊరికే నోరు మూసుకున్నాడా?

1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 17వ సెక్షన్ దీన్ని గుర్రం అమ్మకంతో వివరిస్తుంది. గుర్రానికి జబ్బుందని తెలిసీ ఏమీ చెప్పకుండా వేలంలో అమ్మితే, అది మోసం కాదు. కానీ కొనేవాడు “మీరు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను” అన్నప్పుడు కూడా నోరు మెదపకపోతే, ఆ మౌనం మాటతో సమానం. కారుకీ ఇదే లెక్క. 19వ సెక్షన్‌లో ఇంకో మెలిక ఉంది. అమ్మినవాడు కేవలం మౌనంగా ఉన్నా, తెలియక తప్పు చెప్పినా, “మామూలు జాగ్రత్తతో చూసుకుంటే నీకే తెలిసేది కదా” అన్న వాదన అతనికి పనికొస్తుంది. తెలిసి నోటితో అబద్ధం చెప్పినవాడికి ఆ రక్షణ లేదు. మీ డీలర్ “నాన్ యాక్సిడెంట్” అన్నాడు కాబట్టి మీరు గట్టి వైపే ఉన్నారు. “ఉన్నది ఉన్నట్టుగా” అన్న కాగితం అరిగిన క్లచ్చికో, పాత బ్యాటరీకో అడ్డు పడుతుందేమో గానీ, తెలిసి చెప్పిన అబద్ధాన్ని అంత తేలిగ్గా కప్పలేదు.

కాబట్టి రుజువు చేయాల్సినవి రెండు: ఆ మాట అన్నాడని, అన్నప్పుడు నిజం అతనికి తెలుసని.

మొదటిదానికి, అమ్మకం ప్రకటన ఇంకా నెట్‌లో ఉంటే తీసేయకముందే స్క్రీన్‌షాట్ తీయండి. నా దగ్గర ప్రకటన లేదు, అంతా నోటిమాటే. అందుకని వాట్సాప్‌లో మర్యాదగా రాశాను: “సార్, కొనేటప్పుడు యాక్సిడెంట్ లేదన్నారు కదా, ఎడమ అప్రాన్ మార్చినట్టుందని మేస్త్రీ అంటున్నాడు, ఒకసారి చెప్పగలరా?” గంటలో జవాబొచ్చింది: “చిన్న టచప్ సార్, మేజర్ ఏం కాదు, అందుకే చెప్పలేదు.” నా కేసులో అన్నిటికంటే బరువైన కాగితం ఆ ఒక్క వాక్యమే. బెదిరిస్తూ రాసి ఉంటే అది వచ్చేది కాదు. ఆ చాట్‌ని ఫోన్లోనే ఉంచండి, చెరపకండి. ప్రింటు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, వకీలుకి తెలుస్తుంది.

రెండోదానికి, ఆర్‌సీలో పాత ఓనర్ పేరు చూసి ఆయన్ని వెతికి పట్టుకున్నాను. పాపం మంచాయన. “అమ్మేటప్పుడే వాళ్ళకి చెప్పాను బాబూ, అందుకే రేటు తగ్గించారు” అని, తన క్లెయిమ్ కాగితాలు ఇచ్చాడు. సర్వీస్ సెంటర్ బిల్లు 1.38 లక్షలు, అందులో అప్రాన్, రేడియేటర్ సపోర్ట్ రెండూ ఉన్నాయి. డీలర్‌కి తెలుసనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఓనర్ దొరక్కపోతే పాత ఇన్సూరెన్స్ పాలసీలు చూడండి. వరుసగా క్లెయిమ్ చేయని ఒక్కో ఏడాదికీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒకే ఓనర్ దగ్గరున్న నాలుగైదేళ్ళ కారు పాలసీలో బోనస్ సున్నా అని ఉంటే, అంతకుముందు ఏడాది క్లెయిమ్ అయ్యుండొచ్చని అర్థం. అయితే బోనస్ ఓనర్‌దే గానీ కారుది కాదు. చేతులు మారాక సున్నా కనిపించడం మామూలే. పాలసీ మధ్యలో ఆగిపోయి ఉన్నా సున్నా రావచ్చు. అందుకే దీన్ని ఆచూకీగా వాడుకోండి, రుజువుగా కాదు.

ఒక్క విషయం మాత్రం ఇవాళే మొదలుపెట్టండి: బండి తిప్పడం ఆపండి, రిపేరు చేయించకండి. నిజం తెలిశాక కూడా మామూలుగా వాడుకుంటూ ఉంటే, ఒప్పుకున్నట్టే కదా అంటారు. అప్పుడు బండి తిరిగిచ్చే హక్కు బలహీనపడుతుంది. అతుకులు చెదిరితే సాక్ష్యమూ పోతుంది. నేను ఫోటోలు తీయించి, బాగా అనుభవమున్న ఒక ఇన్సూరెన్స్ సర్వేయర్‌తో రిపోర్టు రాయించుకున్నాను. మేస్త్రీ మాట నిజమే అయినా, వినియోగదారుల కమిషన్ ముందు సర్వేయర్ కాగితానికి ఉన్న విలువ దానికి రాదు.

ఆ తర్వాత 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు. జవాబు రాలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కాబట్టి నాకు గుంటూరే సరిపోయింది. చెల్లించిన ధర 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, మీకూ లేదు. గడువు రెండేళ్ళు. ఇప్పుడు e-jagriti.gov.in లో ఇంట్లోంచే దాఖలు చేయొచ్చు. అమ్మింది డీలర్ కాబట్టే ఈ దారి. ఎవరో తన సొంత కారు అమ్మితే సాధారణంగా సివిల్ కోర్టుకే వెళ్ళాలి.

డబ్బంతా, ఖర్చులూ, పరిహారం అడిగాను. రెండో వాయిదాకి డీలర్ వకీలు వాట్సాప్ ప్రింటు, పాత ఓనర్ అఫిడవిట్ చూసి రాజీకి వచ్చాడు. నేను తిరిగిన 1,900 కిలోమీటర్లకి కొంత తగ్గించుకుని 4.10 లక్షలు ఇచ్చి, బండి తీసుకున్నాడు. ట్రాన్స్‌ఫర్ ఖర్చులూ, సర్వేయర్ ఫీజూ నాకు రాలేదు. ఆ బాధ ఉంది, కానీ రెండేళ్ళు తిరగడం కంటే ఇది మేలనుకున్నాను. రాజీని కమిషన్ రికార్డులో రాయించాం. డీడీ నా ఖాతాలో జమ అయ్యాకే బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకం పెట్టి తాళాలు ఇచ్చాను.