కథ మొదటి పేజీలో ఒక తుమ్మకర్ర

ప్రశ్న: నా కథ చివర్లో అన్నయ్య ఎవరికీ చెప్పకుండా ఇల్లు అమ్మేస్తాడు. చదివినవాళ్లంతా "ఇది ఎక్కణ్ణుంచి ఊడిపడింది?" అంటున్నారు. ముందే సూచన ఇస్తే ముగింపు తెలిసిపోతుందని నా భయం. చిన్న చిన్న వివరాలు ఎక్కడ, ఎలా పెట్టాలి?

జవాబు:

నాకు ఈ సంగతి ఒకే ఒక్క కథ దగ్గర తెలిసొచ్చింది. ఆ కథనే విప్పి చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక రైతు గురించి పన్నెండు పేజీల కథ రాశాను. కూతురే కథ చెబుతుంది. ఆమెకు సంబంధం వస్తుంది, ఆమెకేమో చదువుకోవాలని ఉంటుంది. తండ్రితో గొడవ పడుతుంది. ఆ రాత్రి కరెంటు రాగానే తండ్రి మోటారు వేయడానికి వెళ్లి, స్టార్టర్ డబ్బా షాకు కొట్టి చనిపోతాడు. ఒక మాసపత్రికకు పంపితే తిరిగొచ్చింది. "కథ ముగించడానికి చావును తెచ్చిపెట్టినట్టుంది" అని ఒక్క వాక్యం రాశారు. చాలా బాధేసింది. మా ఊళ్లో ఒకాయన అచ్చం అలాగే పోయాడు మరి. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆ డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోందని చుట్టుపక్కల రైతులందరికీ ఏడాదిగా తెలుసు. పాఠకుడికి నేను ఆ ఏడాదిని ఇవ్వలేదు.

మొదటిసారి దిద్దినప్పుడు తప్పు దారి పట్టాను. తల్లికి పీడకల పెట్టాను, దీపం ఆర్పేశాను, కాకిని అరిపించాను. నా మిత్రుడొకడు చదివి రెండో పేజీలోనే "తండ్రి పోతాడు కదా" అన్నాడు. అయినా చివరికొచ్చేసరికి చావు మళ్లీ హఠాత్తుగానే ఉందన్నాడు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియక చాలా రోజులు తన్నుకున్నాను. అసలు విషయం ఏమిటంటే, శకునం ఏదో జరగబోతోందని మాత్రమే చెబుతుంది. ఎందుకు జరుగుతుందో చెప్పదు. అందుకే గుట్టు బయటపడుతుంది, నమ్మకం మాత్రం కుదరదు. ముందు పెట్టాల్సింది కారణంలో ఒక ముక్క.

అవన్నీ కొట్టేసి కథను వెనక నుంచి చూశాను. ఆ మనిషి ఆ క్షణాన చావాలంటే ఏమేం నిజమై ఉండాలి? డబ్బాకు ఎర్తు వైరు ఊడిపోయి ఉండాలి. కాళ్లకు చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడాలి. రాత్రి పూట కరెంటు రావాలి. ఒంటరిగా ఉండాలి. ఇవన్నీ ముందే పెట్టనక్కర్లేదు. 2018 జనవరిలో తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలైంది. నా కథ అంతకు ముందు కాలంది. అప్పటి రైతు అర్ధరాత్రి బావి దగ్గరికి ఎందుకు పోతాడో మన పాఠకులకు చెప్పాల్సిన పని లేదు. పాఠకుడికి తెలియనిది ఒక్కటే: ఆ డబ్బా సంగతి తెలిసిన తండ్రి, రోజూ బతికి ఎలా బయటపడుతున్నాడు?

అక్కడ దొరికింది తుమ్మకర్ర. ఆయన బటన్‌ను చేత్తో నొక్కడు, డబ్బా పక్కన పెట్టుకున్న ఎండు కర్రతో నొక్కుతాడు. ఊళ్లో చాలామంది చేసే పనే. ముందు ఇలా రాశాను: "డబ్బా పక్కన ఎప్పుడూ ఒక తుమ్మకర్ర ఉండేది. షాకు కొడుతుందని నాన్న దాంతోనే మోటారు వేసేవాడు." ఇది విడి పేరాగా నిలబడి చెయ్యెత్తి పిలుస్తోంది. తర్వాత, కూతురు చిన్నప్పుడు సద్ది తీసుకెళ్లే సన్నివేశంలోకి దాన్ని జరిపాను: "నాన్న గిన్నె అందుకున్నడు, మూత తీసి వాసన చూసిండు, తుమ్మకర్రతో పచ్చ బటన్ నొక్కి గట్టు మీద కూసున్నడు. 'మీ అమ్మ మళ్ల చింతకాయ తొక్కే పెట్టిందా?' అన్నడు." కర్ర వాక్యం మధ్యలో, మూడు పనుల్లో ఒక పనిగా ఉంది. పేరా తొక్కు మీద ఆగింది. పాఠకుడి చూపు పేరా చివర నిలుస్తుంది, మధ్యలోది చూస్తుంది గానీ పట్టుకుని కూర్చోదు. పైగా ఆ సన్నివేశానికి తండ్రి చనువు చూపించే పని వేరే ఉంది. కర్ర లేకపోయినా అది సన్నివేశంగా నిలబడాలి. అలా నిలబడకపోతే దాన్ని కర్ర కోసమే రాశారని పాఠకుడు పట్టేస్తాడు.

ఇక ఆ కర్ర పోవాలి. పెళ్లి గొడవ బావి దగ్గరే జరిగేలా మార్చాను. కూతురు కోపంగా వెనక్కి తిరుగుతుంది. చీకటి పడుతోంది, దారిలో కుక్కలుంటాయి, చేతికందిన కర్ర తీసుకుని ఇంటికి వచ్చేస్తుంది. వాకిట్లో గాలికి ఒరిగిన సొరపాదుకు దాన్ని ఊతగా పాతుతుంది. ఆ పేజీ అంతా ఆమె తండ్రిని మనసులో తిట్టుకుంటూనే ఉంటుంది, చేతులు మాత్రం పని చేస్తుంటాయి. వాన ఆ రాత్రే పడుతుంది.

ఈ కర్ర వచ్చాక కథే మారిపోయింది. ప్రమాదం కథ కాస్తా కూతురు జీవితాంతం మోసే బరువు కథ అయింది. నేను ముందుగా అనుకున్నది కాదది.

అయితే అప్పటికీ పూర్తి కాలేదు. అయిదుగురికి ఇచ్చి, "బాగుందా" అని అడగకుండా "ఏ లైను దగ్గర మీకు భయం మొదలైంది?" అని అడిగాను. నలుగురికి అసలు కర్రే గుర్తు లేదు. సద్ది సన్నివేశానికీ సొరపాదుకూ మధ్య ఏడు పేజీల దూరం ఉంది మరి. అందుకని గొడవకు ముందు ఇంకొక్కసారి తండ్రి చేతిలో దాన్ని చూపించాను, కానీ వేరే పనికి: నీళ్లు మళ్లించేటప్పుడు కాలువలో అడ్డం పడ్డ చెత్తను దాంతో తోస్తాడు, తర్వాత పంచెకు తుడిచి, డబ్బా పక్కనే ఆనించి పెడతాడు. తడి కర్రను తుడవడమే అక్కడ అసలు ముక్క. అది రాసి, ఇంకా చదవని మరో నలుగురికి ఇచ్చాను. ఇద్దరు సొరపాదు దగ్గర గుండె జారిందన్నారు, ఇద్దరు తండ్రి వానలో లేచినప్పుడు అన్నారు. నాకు కావాల్సింది అదే. అందరూ రెండో పేజీ చెబితే గుట్టు బయటపడినట్టు, ఎవరూ ఏదీ చెప్పలేకపోతే మరీ దాచేసినట్టు.

మీకు "నేను"తో కథ చెప్పే అలవాటు ఉంటే ఒక జాగ్రత్త. "ఆ కర్రే మా బతుకుల్ని మారుస్తుందని అప్పుడు నాకు తెలియదు" లాంటి వాక్యం నేనూ రాసి, చాలా ఇష్టపడి, చివరికి కొట్టేశాను. ఆ ఒక్క మాటతో పాఠకుడు తనంతట తాను చేరాల్సిన చోటికి మనమే మోసుకెళ్లి దింపినట్టవుతుంది.

మీ అన్నయ్య విషయానికొస్తే, ఇల్లు అమ్మాలంటే ఏమేం జరిగి ఉండాలో రాసుకోండి. దస్తావేజులు బీరువాలోంచి బయటికి రావాలి, కొనేవాడు ఇల్లు చూడాలి, వాటా ఉన్నవాళ్లు సంతకం పెట్టాలి. వీటిలో మొదట చదివినప్పుడు ఒకలా, తిరిగి చదివితే ఇంకోలా కనిపించేదాన్ని ఎంచుకోండి. నేనైతే అన్నయ్యతో ఏళ్ల తర్వాత ఇంటికి సున్నం వేయిస్తాను. ముందరి అరుగు నుంచి వెనక గోడ దాకా దగ్గరుండి వేయిస్తాడు. తల్లి సంబరపడి కూలీలకు టీలు పోస్తుంది, "ఈ ఏడు వీడికి ఇంటి మీద మనసైంది" అని పక్కింటామెతో చెబుతుంది. పేరా ఆమె మాట మీద ఆపండి.