బద్ధకం కాదు, ఆ పేజీ అంటే భయం

*ఇంకో పన్నెండు రోజుల్లో సెమ్ ఎగ్జామ్స్. పుస్తకం తీస్తాను, ఐదు నిమిషాలకే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఇంట్లో అందరూ బద్ధకం అంటున్నారు. నిజమేనా?*

తమ్ముడూ, ఫోన్ పట్టుకున్నాక నీకు హాయిగా ఉంటోందా? బద్ధకమైతే హాయిగా ఉండాలి. నాకు ఉండేది కాదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ మ్యాథ్స్ బ్యాక్‌లాగ్‌కి చదవాల్సిన రోజుల్లో బకెట్ నిండా బట్టలు ఉతికాను, రూమంతా ఊడ్చాను, వేరే సబ్జెక్టు రికార్డు కూడా రాసేశాను. ఫోరియర్ సిరీస్ పేజీ మాత్రం తెరవలేకపోయాను.

తెరవగానే ఛాతీలో ఏదో పట్టేసినట్టుండేది. మళ్లీ తప్పితే నాన్నకి ఏం చెప్పాలి అన్న ఆలోచన. పుస్తకం మూయగానే ఆ బరువు దిగిపోయేది. అసలు చిక్కు ఆ ఊరటలోనే ఉంది. మూస్తే నెమ్మదిస్తుందని మనసు నేర్చేసుకుంటుంది, మర్నాడు అదే పేజీ ఇంకాస్త భయపెడుతుంది. కొత్త టైమ్‌టేబుల్ గీసుకున్నా అంతే, గీసినంతసేపూ ఊరట, పేజీ ఎక్కడిదక్కడే.

చిక్కడపల్లి లైబ్రరీలో ఒకరోజు రఫ్ పేపర్ మీద "దీంట్లో నాకు దేనికి భయం?" అని రాసుకున్నాను. నిజం చెప్పాలంటే ఫోరియర్ కాదు. f(x) = x కి ఆ సిరీస్‌లో bₙ అనే కోఎఫిషియెంట్ కట్టాలంటే ∫ x sin nx dx చెయ్యాలి. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ నాకు ఇంటర్‌లోనే సరిగ్గా రాలేదు, ఇప్పుడు ఎవర్నైనా అడగాలంటే సిగ్గు. అది కాగితం మీద కనబడ్డాక పని చిన్నదైంది. n పక్కన పెట్టి, ముందు ∫ x sin x dx ఒక్కటే చేశాను. −x cos x + sin x వచ్చేదాకా మూడుసార్లు తప్పాను. పదిహేను నిమిషాలు లేవకూడదు, ఆ తర్వాత లేచినా తప్పు లేదు అనుకుని కూర్చున్నాను. మొదటి ఐదు నిమిషాలూ ఛాతీ పట్టేసే ఉంది, లెక్కలో పడ్డాక వదిలింది.

ఇంకో మాట. పోయిన రోజుల గురించి నిన్ను నువ్వు తిట్టుకోకు. కెనడాలో వోల్, పిచిల్, బెన్నెట్ అనే పరిశోధకులు ఫస్టియర్ విద్యార్థుల్ని రెండు పరీక్షల పాటు గమనించి 2010లో ఫలితాలు ప్రచురించారు. మొదటి పరీక్షకి వాయిదాలు వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండోదానికి తక్కువ వాయిదా వేశారు. తిట్టుకుంటే ఆ పుస్తకానికి సిగ్గు కూడా తోడవుతుంది, ఇంకా దూరం జరుగుతాం.

నిద్ర, తిండి కూడా పోయి, ఏ పని మీదా మనసు నిలవకపోతే మాత్రం ఈ కాగితం చాలదు. 14416కి ఫోన్ చెయ్యి, అది మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాకు నాలుగో రోజుకి bₙ వచ్చేసింది. పరీక్ష రోజు పొద్దున కూడా ఆ పేజీ తీస్తే ఛాతీ పట్టేసింది, కాకపోతే ఈసారి పుస్తకం మూయలేదు.